డాక్టరు స్లైడ్ల నుంచి చిన్న పోస్టులు: నోటితో చెప్పిన మాట పోస్టులో పోకుండా రాయడం ఎలా

సదస్సులో ఒక కార్డియాలజిస్టు బీపీ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. మర్నాడు ఆ పీపీటీ మీ మెయిల్‌కు వచ్చింది. "దీన్ని ఐదారు చిన్న పోస్టులుగా వేయండి" అన్నారు. స్లైడ్లు తెరిచి, పెద్ద అక్షరాల్లో ఉన్న వాక్యాల్ని ఒక్కొక్కటిగా తెలుగు చేసి పెట్టేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. మొదటిసారి నేనూ అలాగే చేశాను.

వాటిలో ఒక స్లైడ్ మీద ఉన్నది ఇంతే: స్ప్రింట్ 2015, లక్ష్యం 120 లోపు, ముప్పు 25% తక్కువ. స్ప్రింట్ అన్నది బీపీ మీద జరిగిన ఒక అధ్యయనం పేరు. నేను రాసిన పోస్టు ఇది: "బీపీ 120 లోపు ఉంచుకుంటే గుండెపోటు ముప్పు 25 శాతం తగ్గుతుంది!" సాయంత్రానికి చాలామంది షేర్ చేశారు. రాత్రి ఒక అబ్బాయి కింద అడిగాడు: "సార్, మా నాన్నకి షుగర్ కూడా ఉంది. బీపీ 135 ఉంటోంది. మాత్ర డోసు పెంచమంటారా?"

డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన ఒక్క క్షణం ఆగి, "ఆ అధ్యయనంలో షుగర్ ఉన్నవాళ్లను అసలు తీసుకోలేదమ్మా. అది నేను నోటితో చెప్పాను, స్లైడ్ మీద రాయలేదు" అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. స్లైడ్ పక్కన మనిషి నిలబడి మాట్లాడతాడని అనుకుని స్లైడ్ తయారు చేస్తారు. పోస్టు పక్కన ఎవరూ ఉండరు. అందుకే ఆయన నోటితో చెప్పిన షరతును అదే పోస్టులోకి ఎక్కించాలి. ఆ స్ప్రింట్ స్లైడ్‌నే పట్టుకుని అడుగు అడుగునా చూద్దాం.

ముందు నోట్స్ తెరవండి, తర్వాతే స్లైడ్లు

పీడీఎఫ్ పంపితే వద్దని చెప్పి అసలు పీపీటీ ఫైలే అడగండి. స్లైడ్ కింద ఉండే నోట్స్ పీడీఎఫ్‌లో సాధారణంగా రావు. చాలామంది డాక్టర్లు తాము నోటితో చెప్పాల్సినవి అక్కడ రాసుకుంటారు. ప్రసంగం రికార్డింగ్ ఉంటే అదీ తీసుకోండి. మొత్తం వినే తీరిక లేకపోతే, పోస్టు చేయదలచుకున్న స్లైడ్ దగ్గర ఆయన ఏమన్నారో ఆ రెండు నిమిషాలు వినండి.

తర్వాత స్లైడ్ మూలన చిన్న అక్షరాల్లో ఉన్న పేరును, సంవత్సరాన్ని పట్టుకుని అసలు వ్యాసం తెరవండి. స్ప్రింట్ ఫలితాలు 2015 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. వ్యాసమంతా చదవడం మన పని కాదు. సారాంశం, ఎవరిని తీసుకున్నారో చెప్పే పేరా, ఫలితాల పట్టికలు రెండు మూడు చూస్తే చాలు. అరగంట పడుతుంది. ఈ అరగంట మిగుల్చుకోవాలని చూస్తే తర్వాత కామెంట్లలో రెండు రోజులు పోతాయి.

అప్పుడు నాకు తెలిసినవి ఇవి. అమెరికాలో, ప్యూర్టో రికోలో 9361 మంది. అందరూ 50 ఏళ్లు దాటినవారే, గుండెజబ్బు ముప్పు మామూలుకన్నా ఎక్కువున్నవారే. షుగర్ ఉన్నవారిని, ఇదివరకు పక్షవాతం వచ్చినవారిని తీసుకోలేదు. సగం మందికి పై బీపీని, అంటే బీపీ రాసేటప్పుడు ముందు వచ్చే పెద్ద అంకెను, 120 లోపుకు తేవాలని, మిగతా సగానికి 140 లోపు ఉంచాలని లక్ష్యం పెట్టారు. సగటున ఐదేళ్లు చూడాలనుకున్నారు కానీ, లాభం స్పష్టంగా కనిపించడంతో మూడేళ్ల పైచిలుకుకే ఆపేశారు. వీటిలో 120 అన్న లక్ష్యం తప్ప ఒక్కటీ ఆ స్లైడ్ మీద లేదు.

ఒక్కో స్లైడ్‌కు ఒక పూర్తి వాక్యం

ఇక పోస్టులు రాయకండి, ముందు వాక్యాలు రాయండి. కాగితం మీదో, ఎక్సెల్‌లోనో, ఒక్కో స్లైడ్‌కు ఒక్క వాక్యం. ఆ వాక్యంలో నాలుగు ఉండాలి: ఎవరిలో, దేనితో పోలిస్తే, ఎంత కాలంలో, ఎంత తేడా. నాలుగింటిలో ఏది దొరక్కపోయినా ఆ గడి ఖాళీగా వదిలి, డాక్టరుగారిని అడగాల్సినవాటిలో రాసుకోండి. ఊహించి నింపొద్దు.

నా పాత పోస్టును ఈ గడుల్లో పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. ఎవరిలో? రాయలేదు, అంటే చదివినవాళ్లు "అందరిలో" అనుకుంటారు. దేనితో పోలిస్తే? రాయలేదు. "మందు వాడకపోవడంతో పోలిస్తే" అని ఒకరు అనుకోవచ్చు, "160తో పోలిస్తే" అని ఇంకొకరు అనుకోవచ్చు. నిజానికి పోలిక 140 లోపు ఉంచిన చికిత్సతో. ఎంత కాలంలో? లేదు. ఎంత తేడా అన్నదొక్కటే ఉంది, అదీ శాతంలో.

ఈ దశలోనే ఇంకో పని చేయాలి. ఒక్కో వాక్యం పక్కన అది ఏ రకం మాటో రాయండి: అధ్యయనంలో తేలిందా, డాక్టరుగారి అభిప్రాయమా, ఇంకా తేలని ప్రశ్నా. స్లైడ్ మీద మూడూ ఒకే ఫాంట్‌లో, ఒకే రంగులో ఉంటాయి. "వయసు పైబడినవారిలో జాగ్రత్తగా తగ్గించాలి" అనే వాక్యం ఆయన ముప్పై ఏళ్ల అనుభవం నుంచి వచ్చిన మాట కావచ్చు. దానికీ విలువ ఉంది, పోస్టూ చేయవచ్చు. కానీ "డాక్టర్ ఫలానా అభిప్రాయం" అని పోస్టులోనే ఉండాలి.

స్లైడ్ పాతబడిందేమో చూడండి

డాక్టర్లు పాత పీపీటీలో నాలుగు స్లైడ్లు మార్చి కొత్త సదస్సుకు తీసుకెళ్తారు. అందులో తప్పేమీ లేదు, ఎదురుగా ఉన్నది డాక్టర్లే కాబట్టి ప్రశ్నల సమయంలో సవరణ జరిగిపోతుంది. మనకు ఆ అవకాశం లేదు.

షుగర్ ఉన్నవారి సంగతే చూడండి. ఆ పీపీటీలో తర్వాతి స్లైడ్ అకార్డ్ అనే 2010 నాటి అధ్యయనం. షుగర్ ఉన్న 4733 మందిలో ఇవే రెండు లక్ష్యాల్ని పోల్చితే, పక్షవాతాలు తగ్గాయి గానీ మొత్తంమీద గుండె, రక్తనాళాల ప్రమాదాల్లో రూఢిగా చెప్పదగ్గ తేడా రాలేదు. దాన్నిబట్టి "షుగర్ ఉన్నవారికి 120 లక్ష్యం వల్ల లాభం లేదు" అని ఈ రోజు పోస్టు వేస్తే తప్పు. 2024లో చైనా నుంచి బీప్రోడ్ అనే అధ్యయనం వచ్చింది. టైప్ 2 షుగర్ ఉన్న 12,821 మందిలో 120 లోపు లక్ష్యం పెట్టినవారికి ప్రమాదాలు తగ్గాయని అందులో తేలింది. కాబట్టి స్లైడ్ మీద సంవత్సరం చూసి, ఐదారేళ్లు దాటి ఉంటే "దీని తర్వాత ఏమైనా వచ్చిందా సార్?" అని ఒక్క మెసేజ్ పెట్టండి.

ఏ అంకె వాడాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే కాస్త ఆగుదాం.

"25% తగ్గింది" అబద్ధం కాదు. కానీ చదివినవాళ్ల మనసులో ఏ బొమ్మ పడుతుంది? వందమందిలో పాతికమంది బతికిపోయారన్నట్టు పడుతుంది. వ్యాసంలో పట్టిక చూస్తే 140 జట్టులో 4683 మందికి గాను 319 మందికి ప్రమాదం వచ్చింది, 120 జట్టులో 4678 మందికి గాను 243 మందికి. వెయ్యిమంది లెక్కకు తెస్తే 68, 52. అంటే మూడేళ్ల పైచిలుకులో వెయ్యిమందికి పదహారుమంది తేడా. అది చిన్న సంగతేం కాదు, కానీ పాతిక శాతం అన్న మాట వేసే బొమ్మ వేరు.

తెలుగులో చదివేవాళ్లకు "వెయ్యిమందిలో ఇంతమంది" అన్నది వెంటనే అందుతుంది. "ఏడాదికి 1.65 శాతం" లాంటి దశాంశాలు అందవు. రెండు అంకెల్నీ ఒకే లెక్కకు తీసుకురండి: రెండూ వెయ్యికి, రెండూ అదే కాలానికి. ఒకటి వందకు, ఇంకొకటి వెయ్యికి ఉంటే ఎవరో ఒకరు పొరబడతారు.

ఒక హెచ్చరిక. 68 నుంచి 52కు తగ్గడాన్ని క్యాలిక్యులేటర్‌లో చూస్తే 24 శాతం దగ్గర వస్తుంది, స్లైడ్ మీద 25 ఉంది. తప్పు ఎవరిదీ కాదు. ఆ 25 అన్నది హజార్డ్ రేషియో 0.75 నుంచి వచ్చింది, ఎవరికి ఎప్పుడు ప్రమాదం జరిగిందన్న కాలాన్ని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. అందుకని ఒకే పోస్టులో రెండూ కలిపి పెట్టకండి. చురుకైనవాళ్లు లెక్కేసి "కుదరడం లేదే" అంటారు, దాన్ని విడమరిచి చెప్పడానికి పోస్టులో చోటుండదు. వెయ్యి లెక్క ఎంచుకుంటే దాని మీదే ఉండండి.

ఇక "దేని ముప్పు" అన్న మాట. నేను "గుండెపోటు" అని రాశాను. స్ప్రింట్ లెక్కించింది ఒక మూట: గుండెపోటు, గుండెకు రక్తం అందక వచ్చే ఇతర అత్యవసర స్థితులు, పక్షవాతం, హార్ట్ ఫెయిల్యూర్, గుండెజబ్బుతో మరణం. వీటిలో ఏది ముందు జరిగినా ఒకటిగా లెక్క. మూట విప్పి చూస్తే హార్ట్ ఫెయిల్యూర్ 140 జట్టులో 100 మందికి, 120 జట్టులో 62 మందికి. గుండెజబ్బు మరణాలు 65, 37. ఇక్కడ తేడా గట్టిగా ఉంది. గుండెపోటు 116, 97. పక్షవాతం 70, 62. ఈ రెండింట్లో తగ్గినట్టు కనిపిస్తున్నా, అది యాదృచ్ఛికం కాదని తేల్చి చెప్పేంత తేడా కాదు. అంటే నా పోస్టు మూటకు వచ్చిన లాభాన్ని తీసుకెళ్లి, ఆ లాభం రూఢి కాని ఒక్క జబ్బుకు అంటగట్టింది. స్లైడ్ మీద ఇంగ్లీషులో "ప్రైమరీ అవుట్‌కమ్" అని కనిపిస్తే, ఆ మూటలో ఏమేం ఉన్నాయో చూడకుండా తెలుగు చేయకండి.

ఇప్పుడు పోస్టు రాయండి

ఎక్స్‌లో మామూలు ఖాతాకు 280 అక్షరాలు. తెలుగువాళ్లకు తెలియాల్సిన చిన్న సంగతి: అక్కడ మన ఒత్తులూ గుణింతాలూ కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరమే, ఎక్స్ లెక్కలో ఆరు. లింకు ఎంత పొడవున్నా 23. కాబట్టి చేతిలో ఉన్నది ముప్పై, ముప్పై ఐదు మాటలు అనుకోండి. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో ఇంకా రాయవచ్చు గానీ, నేను ఎక్కడికైనా ఈ కొలతలోనే రాస్తాను. చోటు తక్కువైతే రెండో ఆలోచన దూరదు.

మొదటి పోస్టు చివరికి ఇలా తయారైంది:

"స్ప్రింట్ అధ్యయనం (అమెరికా, 2015): షుగర్, పక్షవాతం లేని, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న 50 దాటిన వారిలో పై బీపీ లక్ష్యం 140 లోపు పెట్టుకున్నప్పుడు మూడేళ్ల పైచిలుకులో వెయ్యికి 68 మందికి గుండె, రక్తనాళాల ప్రమాదం వచ్చింది. లక్ష్యం 120 లోపు అయితే 52 మందికి."

లింకుతో కలిపినా 280 లోపే ఉంటుంది. ఇందులో ఆశ్చర్యార్థకం లేదు, "మీకు తెలుసా" లేదు. ఎవరిలో అన్నది ముందే వచ్చేసింది. అది చివర్లో ఉంటే ఫోన్‌లో "ఇంకా చూడండి" కిందికి పోతుంది, ఎవరూ నొక్కరు. "లక్ష్యం" అన్న మాటనూ కావాలనే ఉంచాను. 120 జట్టులో ఏడాది తిరిగేసరికి సగటు బీపీ 121.4కి వచ్చింది, అంటే అందరికీ 120 లోపుకు రాలేదు. "120 లోపు ఉన్నవారిలో" అని రాస్తే అర్థం మారిపోతుంది.

మూట విప్పిన సంగతి ఇందులోనే ఇరికించాలని మనసు లాగుతుంది. వద్దు, అది రెండో పోస్టు:

"స్ప్రింట్‌లో (షుగర్ లేనివారు, అమెరికా, 2015) పై బీపీ లక్ష్యం 140 బదులు 120 పెట్టినప్పుడు స్పష్టంగా తగ్గినవి హార్ట్ ఫెయిల్యూర్, గుండెజబ్బు మరణాలు. గుండెపోటు, పక్షవాతం విడివిడిగా చూస్తే తేడా రూఢిగా చెప్పేంత లేదు."

మూడోది నష్టాల గురించి. లాభం పోస్టు వేసి నష్టం పోస్టు వేయకపోతే ఆ వరుస మొత్తం తప్పు చెప్పినట్టే, ఒక్కో పోస్టు విడిగా నిజమే అయినా సరే. రెండింటికీ అదే లెక్క, వెయ్యికి ఇంతమంది:

"పై బీపీ లక్ష్యం 120 పెట్టుకుంటే నష్టాలూ ఉన్నాయి. స్ప్రింట్‌లో (షుగర్ లేనివారు, 2015) కిడ్నీలు హఠాత్తుగా తీవ్రంగా దెబ్బతిన్నది వెయ్యికి 41 మందికి, 140 లక్ష్యం ఉన్నవారిలో 25 మందికి. బీపీ ప్రమాదకరంగా పడిపోయింది 24 మందికి; 140 లక్ష్యంతో 14 మందికి."

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే స్లైడ్ మీద దీని ఊసే లేదు, నోట్స్‌లో ఒక్క ముక్క మాత్రం ఉంది: "మిషన్, 5 ని., 3 సార్లు". మన ఓపీల్లో బీపీ ఎలా చూస్తారో అందరికీ తెలుసు. మెట్లెక్కి వచ్చిన మనిషిని కూర్చోమని, చొక్కా చెయ్యి పైకి లాగి, పక్కన ఇంకొకరితో మాట్లాడుతూ ఒక్కసారి పంపు కొట్టి అంకె రాస్తారు. స్ప్రింట్‌లో అలా కాదు:

"స్ప్రింట్‌లో (షుగర్ లేనివారు, 2015) బీపీ ఇలా చూశారు: 5 నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి, ఆటోమేటిక్ మిషన్‌తో మూడుసార్లు చూసి సగటు తీసుకున్నారు. ఓపీలో హడావిడిగా ఒక్కసారి చూసిన అంకెను ఆ అధ్యయనంలోని 120 లక్ష్యంతో నేరుగా పోల్చకూడదు."

ఐదోది షుగర్ ఉన్నవారి గురించి, అకార్డ్, బీప్రోడ్ రెండింటినీ సంవత్సరాలతో సహా చెప్పేది. దాన్ని డాక్టరుగారే తన మాటల్లో చెప్పారు, నేను అక్షరాలు లెక్కపెట్టాను.

ఒంటరిగా నిలుస్తుందా

ఐదూ రాశాక వరుస తారుమారు చేయండి. మూడోదాన్ని మాత్రమే తీసి, డాక్టర్ కాని, ఈ సంగతేమీ తెలియని ఇంట్లోవాళ్లకు ఫోన్‌లో చూపించండి. "అర్థమైందా" అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. "ఇది ఎవరి గురించి? ఏం జరిగిందంట?" అని అడగండి. మా అత్తయ్యకు నష్టాల పోస్టు మొదటి రూపం చూపిస్తే "బీపీ మాత్రలు వేసుకుంటే కిడ్నీలు పోతాయంట" అంది. ఆ రూపంలో "140 లక్ష్యం ఉన్నవారిలో 25" అన్న ముక్క లేదు. ఆ జట్టువాళ్లూ మాత్రలు వేసుకున్నవాళ్లేనని, తేడా ఎంత గట్టిగా తగ్గించారన్న దాంట్లోనే ఉందని ఆ ముక్క వల్లే తెలుస్తుంది. ఆ పోలిక చేర్చి మళ్లీ చూపించాకే పంపాను.

అదే పరీక్షలో "ఇందులో", "అందుకే", "పై పోస్టులో చెప్పినట్టు" లాంటివీ దొరుకుతాయి. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపినప్పుడు పై పోస్టు ఉండదు. ప్రతి పోస్టులోనూ అధ్యయనం పేరు, ఎవరిలో అన్నది మళ్లీ రావాల్సిందే. వరుసగా చదివేవాళ్లకు కాస్త విసుగనిపించినా సరే.

బొమ్మ పెట్టేటప్పుడు స్లైడ్‌లోని గ్రాఫ్‌ను కత్తిరించకండి. ఇలాంటి గీతల గ్రాఫులో నిలువు గీత సున్నా నుంచి నూరు దాకా ఉంటే రెండు గీతలూ అతుక్కున్నట్టుంటాయి, పది దాకానే ఉంటే మధ్యలో ఏరు పారుతున్నట్టుంటుంది. సభలో డాక్టర్లకు ఆ గీత చదవడం తెలుసు. ఫోన్‌లో చూసేవాళ్లు గీత పక్కన అంకెలు చూడరు. నేను 68, 52 అనే రెండు అంకెల్ని పెద్దగా రాసి, కింద "వెయ్యిమందికి" అని పెట్టి వదిలేస్తాను. పేషెంటు ఎక్స్‌రేలు, ఈసీజీలు ఉన్న స్లైడ్లను అసలు ముట్టుకోను. పేరు చెరిపేసినా మూలన ఆసుపత్రి ఐపీ నంబరో తేదీయో మిగిలిపోతుంది.

ఆమోదం, ఆ తర్వాత

డాక్టరుగారికి పోస్టులు మాత్రమే పంపితే "బాగుందమ్మా" అని వచ్చేస్తుంది. చదివారో లేదో తెలియదు. అందుకే ప్రతి పోస్టు కింద మూడు ముక్కలు రాసి పంపుతాను: స్లైడ్ నంబరు, వ్యాసంలో ఏ పట్టిక, ఆయన తేల్చాల్సిన ఒక ప్రశ్న. "స్లైడ్ 9, పట్టిక 3, 'తీవ్రంగా' అన్న మాట ఉంచాలా సార్?" ప్రశ్న ఉంటే చదువుతారు. ఇంకా ఎక్కడా అచ్చుకాని ఫలితాలు స్లైడ్లలో ఉంటే బయట పెట్టవచ్చా అన్నదీ ఇప్పుడే అడగండి. సభలో చూపించినంత మాత్రాన పోస్టు చేయడానికి ఒప్పుకున్నట్టు కాదు.

తప్పు పోయిందని తర్వాత తెలిస్తే పోస్టును గుట్టుగా చెరిపేయకండి. అప్పటికే స్క్రీన్‌షాట్లు తిరుగుతుంటాయి, వాటిని పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు ఏమీ దొరకదు. పాతదాని కిందే "సవరణ:" అని మొదలుపెట్టి ఏది తప్పో, ఏది సరైనదో రెండు వాక్యాల్లో రాసి, కొత్త పోస్టుగానూ వేయండి. నా 25 శాతం పోస్టు కింద ఇప్పటికీ ఆ సవరణ ఉంది. ఆ అబ్బాయికి విడిగా కూడా రాశాను: "ఈ అధ్యయనం మీ నాన్నగారిలాంటి వారి మీద జరగలేదు. డోసు సంగతి ఆయన్ను చూసే డాక్టరే చెప్పాలి." రెండు రోజులకు జవాబొచ్చింది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడట, మాత్ర మార్చలేదట.